దగ్గు రాలేదు కదా అని చారన్నం పెట్టాను

నాయనకు పక్షవాతం వచ్చి 22 రోజులు. ముక్కు గొట్టం నిన్ననే తీశారు. అనంతపురంలో స్కానింగు, అడ్మిషన్ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. నా బాధంతా ఒక్క గ్లాసు నీళ్ల గురించి.

మొదటి సాయంత్రం వార్డులో ఒకాయన నాయనకు గ్లాసుతో నీళ్లు తాగించి, "దగ్గు లేదు, తినిపించుకోండి" అని వెళ్లిపోయాడు. సంతోషంగా చారన్నం పెట్టాను. తిన్నాక నాయన మాట నీళ్లు పుక్కిలిస్తున్నట్టు గరగరలాడింది. కఫమేలే అనుకున్నాను. మూడో రోజుకు జ్వరం, ఆయాసం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో అందరి ముందూ "చదువుకున్నదానివి, ఎవరమ్మా తినిపించమన్నది?" అన్నాడు. ఆ గ్లాసాయన అక్కడే నిలబడి నేలచూపులు చూశాడు. నేనూ నోరెత్తలేదు. ఇప్పటికీ కడుపు మండుతోంది.

తర్వాత వచ్చిన స్పీచ్ థెరపిస్టు పద్ధతిగా చేసింది. నాయన పూర్తిగా మేల్కొన్నాడా అని చూసి, నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కో చెంచా నీళ్లు ఇచ్చి, ప్రతిసారీ "ఆ" అనిపించి గొంతు తడిగా వినిపిస్తోందా అని విన్నది. దగ్గు లేదంటే క్షేమమని కాదట. పక్షవాతంతో గొంతులో స్పర్శ పోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. మంచం దగ్గర ఎంత బాగా పరీక్షించినా కొందరిలో ఇది దొరకదట.

న్యుమోనియా తగ్గాక బెంగళూరులో బేరియం కలిపిన ద్రవం తాగిస్తూ వీడియో ఎక్స్‌రే తీయించాం. తెరమీద పల్చటిది స్వరతంత్రులు దాటి కిందికి పోతోంది. నాయన మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు! కాస్త చిక్కటిది మాత్రం సరిగ్గా అన్నవాహికలోకే దిగింది.

అందుకే ఇప్పుడు రాగిజావకు కూడా కొలత. థెరపిస్టు ఇచ్చిన 10 మి.లీ. సిరంజిలో పిస్టన్ తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి, 10 గీత దాకా జావ పోసి, వేలు తీసి 10 సెకన్లు ఆగాలి. 4 నుంచి 8 మి.లీ. మధ్య మిగిలితే మా నాయనకు సరిపోయే చిక్కదనం. ఒకసారి వేడిగా కొలిస్తే 3 మిగిలింది, అదే చల్లారాక 9! అందుకే తాగే వేడిలోనే కొలుస్తున్నాను. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలో ముంచను. ఉమ్మి తగిలితే జావ పల్చబడుతుంది.

నీళ్లు, మెత్తని ముద్ద రెండూ కలిసి ఉంటాయని చారన్నం మానేశాం. పెరుగన్నం మిక్సీలో వేసి, పలుకు తగలకుండా పెడుతున్నాను. సంగటి గొంతుకు అతుక్కుంటుందని అస్సలు వద్దన్నారు.

పొద్దున గిన్నె చూసి నాయన ముఖం తిప్పుకుని అన్నాడు: "ముద్ద లేని బువ్వ ఏం బువ్వమ్మా?"