పలచన చేస్తే బయటపడింది

నిన్న ల్యాబ్‌లో సిఫిలిస్‌కి చేసే ఆర్‌పీఆర్ కార్డు పరీక్ష నన్ను బోల్తా కొట్టించింది. అరచేతుల్లో మచ్చలతో వచ్చినాయన సీరం. రోటేటర్ మీద 8 నిమిషాలు తిప్పినా నల్లటి కార్బన్ రేణువులు గడ్డ కట్టలేదు. నెగెటివ్ అని రాసేశా. రెండో పరీక్ష టీపీహెచ్ఏ మాత్రం గట్టి పాజిటివ్! అది సిఫిలిస్ క్రిమి మీది యాంటీబాడీలనే పట్టుకుంటుంది గానీ, చికిత్స అయ్యాక కూడా చాలామందిలో అలాగే ఉండిపోతుంది. పాత జబ్బేమోలే అనుకున్నా.

మా మేడమ్ ఒప్పుకోలేదు. "సెలైన్‌తో పలచన చేసి చూడమ్మా" అన్నారు. 1:8 దగ్గర గడ్డలు తేలాయి, 1:128 దాకా పోయాయి. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే ఒక్కో రేణువునీ విడిగా కప్పేసి, ఒకదానికొకటి అతుక్కోనివ్వవట. చదివానే, చూడలేదు!

ఇంజెక్షన్ అయ్యాక ఈ 128 కొన్ని నెలల్లో 32కో, అంతకన్నా కిందకో దిగాలి. ఆ లెక్క టీపీహెచ్ఏ చెప్పదు.