వ్యూస్ రెండు లక్షలు, ఆర్డర్లు మూడు

ఏప్రిల్–జూన్ క్వార్టర్‌లో మా అమ్మకాలు నాలుగో వంతు పడిపోయాయి. తిరుపతిలో మాది చిన్న సంస్థ. శ్రీకాళహస్తి కళాకారులు కలంతో వేసిన చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. జూలై మొదట్లో అందరినీ కూర్చోబెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో మన పద్ధతి మారుస్తున్నామని చెప్పాను. ఆషాఢం వెళ్తే అమ్మకాలు వాటంతట అవే పుంజుకుంటాయని సగం మంది నమ్మకం. పుంజుకునేవేమో, కానీ ఏప్రిల్‌లో ఆషాఢం లేదు కదా!

స్లైడ్లు చేయలేదు, రెండు వీడియోలు చూపించాను. ఒకటి పాట పెట్టి, డబ్బు పెట్టి బూస్ట్ చేసింది. వ్యూస్ రెండు లక్షలు, ఆర్డర్లు మూడు. రెండోది వర్క్‌షాప్‌లో ఫోన్‌తో తీసింది. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన కషాయంలో కలం ముంచి, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తుంటే గీత నల్లగా తేలుతుంది. తొమ్మిది వేల మందే చూశారు. కానీ చాలామంది సేవ్ చేసుకున్నారు, స్నేహితులకు పంపారు. ధర అడుగుతూ నలభై మెసేజ్‌లు, పద్నాలుగు ఆర్డర్లు.

వీడియోలు తీసే కుర్రాడి ముఖం వాడిపోయింది. "అంటే రీల్స్ ఆపేస్తామా అన్నా?" అన్నాడు. ఆపడం లేదు, లెక్క మారుస్తున్నామన్నాను. లైకుల కోసం బూస్ట్ చేస్తే లైక్ కొట్టే అలవాటున్న వాళ్లకే చూపిస్తుంది. ఇకనుంచి బూస్ట్ చేసేటప్పుడు మెసేజ్‌ల లక్ష్యమే ఎంచుకుందాం, వారం వారం ఎన్ని మెసేజ్‌లు ఆర్డర్లయ్యాయో చూద్దామన్నాను.

అప్పుడు మెసేజ్‌లకు జవాబులిచ్చే అమ్మాయి అసలు విషయం బయటపెట్టింది. "సార్, ధర చెప్పాక పోయేవాళ్లు తక్కువ. రాత్రి అడిగితే మనం మర్నాడు మధ్యాహ్నం చెప్తున్నాం, ఆలోపే వేరేచోట కొనేస్తున్నారు." ఫోన్ తీసి చూపించింది కూడా. నా ప్లాన్‌లో లేని మాట ఇదొక్కటే, అన్నిటికన్నా పనికొచ్చిందీ ఇదే. ధర పోస్టులోనే రాయాలని, రాత్రి తొమ్మిది దాకా ఒకరు ఫోన్ దగ్గర ఉండాలని అక్కడే తేల్చుకున్నాం. ఆ డ్యూటీకి అదనపు జీతం ఇవ్వాలి కాబట్టి బూస్ట్ డబ్బులో సగం అటు మళ్లించాను.

ఎక్కువమంది అడిగే ప్రశ్న "చేత్తో వేసిందా, ప్రింటా?" దానికి మాటలతో కాదు, దగ్గరగా తీసిన ఫొటోతో జవాబివ్వమన్నాను. ఒకే పువ్వు చీరలో రెండుచోట్ల ఉంటే, చేతిపనిలో గీతల లావు కొంచెమైనా తేడాగా ఉంటుంది. ప్రింటులో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటుంది.

పాత కస్టమర్లందరికీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పెడదామని ప్యాకింగ్ అన్న అడిగాడు. ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని ప్రతి పార్సిల్‌లో నంబర్ చీటీ పెట్టడం ఆయనకే అప్పగించాను.