రొయ్యల మేత షాపుకు విలువ కట్టాను: నా మొదటి డీసీఎఫ్ మోడల్

భీమవరంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఫైనాన్స్ ఇంటర్న్‌గా చేరాక నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఇది. ఉండి, ఆకివీడు వైపు చెరువులకు రొయ్యల మేత అమ్మే ఒక డీలర్ సంస్థ ఉంది. ముగ్గురు భాగస్వాములు, సమాన వాటాలు. వాళ్లలో ఒకరు బయటికి వెళ్లాలనుకుంటున్నారు. ఆయన వాటాకు ఎంత ఇవ్వాలో తేల్చాలి. "ఎక్సెల్‌లో చిన్న డీసీఎఫ్ చెయ్యమ్మా. ప్రతి అంచనా ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు కనపడాలి" అన్నారు సర్. వ్యాపారం రాబోయే ఏళ్లలో చేతికిచ్చే నగదును ఈనాటి విలువకు తగ్గించి కూడటమే డీసీఎఫ్. సంస్థ వివరాలు బయటపడకుండా ఇక్కడ అంకెలు మార్చి రాస్తున్నాను. అన్నీ లక్షల్లోనే.

మొదట `Assumptions` అని ఒక షీట్ పెట్టాను. ఒక్కో అంచనాకు ఒక్కో వరుస: పేరు, విలువ, యూనిట్, ఆధారం. నేను టైప్ చేసిన అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో. లెక్కల షీట్‌లో ఎక్కడా అంకె నేరుగా కొట్టలేదు. ఆధారం అనే గడి ఖాళీగా ఉంటే ఆ అంచనా ఇంకా తేలనట్టే లెక్క.

అమ్మకాలు ఇప్పుడు ఏడాదికి 1000 లక్షలు. ఐదేళ్ల పాటు 10 శాతం పెరుగుదల, తర్వాత 4 శాతం. వడ్డీకి, పన్నుకు ముందు లాభం అమ్మకాల్లో 6 శాతం. షాపు చూసుకునే భాగస్వాములకు బయటి మనిషికి ఇచ్చేంత జీతం తీసేశాకే ఈ 6 శాతం వేశాను. అది తీయకపోతే వాళ్ల కష్టం కూడా వ్యాపారం విలువలో కలిసిపోతుంది. భాగస్వామ్య సంస్థ కాబట్టి పన్ను 30 శాతం, దానిపై సెస్ కలిపి 31.2 శాతం. గోడౌన్, వ్యాన్ల తరుగుదలకు సరిపడా ఏటా కొత్త ఖర్చు ఉంటుందనుకున్నాను, కాబట్టి ఆ రెండూ చెల్లు. రాబోయే నగదును ఈనాటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 15 శాతం. బ్యాంకు వడ్డీ కంటే బాగా ఎక్కువే ఉండాలని, చిన్న సంస్థ, ఒకే పంట మీద ఆధారపడిందని సర్ అన్నారు. ఆ కారణమే ఆధారం గడిలో రాశాను.

అసలు కథ వర్కింగ్ క్యాపిటల్‌లో, అంటే బాకీల్లో, సరుకులో ఇరుక్కుని ఉండే డబ్బులో ఉంది. మా వైపు మేత ఎక్కువగా అరువు మీదే నడుస్తుంది. పిల్ల వేసిన దగ్గర్నుంచి రొయ్య పట్టేదాకా మూడు నాలుగు నెలలు డీలర్ మేత ఇస్తూనే ఉంటాడు. పట్టుబడి అయ్యాక రైతు కడతాడు. మార్చి 31 బ్యాలెన్స్ షీట్ చూస్తే బాకీలు 70 రోజుల అమ్మకాలకు సమానంగా ఉన్నాయి. ఈ షాపు ఖాతాదారుల్లో చాలామంది అప్పటికి కొత్త పంట మొదట్లో ఉంటారు, మేత ఇంకా పెద్దగా తీసుకుని ఉండరు. అందుకని షాపు లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లోంచి ప్రతి నెలాఖరు బాకీలు తీసి సగటు కట్టాను. 100 రోజులు వచ్చింది. గోడౌన్ సరుకు 15 రోజులు. మేత కంపెనీకి షాపు కట్టాల్సింది 25 రోజులు. అన్నీ అమ్మకాల మీదే లెక్కేశాను కాబట్టి నికరంగా 90 రోజులు.

```
=B5*Assumptions!$B$6/365
```

ఇప్పుడున్న అమ్మకాలకు ఇది 246.6 లక్షలు. మొదటి ఏడాది అమ్మకాలు 1100 అయితే 271.2. అంటే 24.7 లక్షలు కొత్తగా రైతుల దగ్గర ఇరుక్కుంటాయి. ఆ ఏడాది పన్ను పోను లాభం 45.4 లక్షలు, చేతికొచ్చే నగదు 20.7 మాత్రమే. "లాభం వస్తోంది, డబ్బు కనపడట్లేదు" అని భాగస్వాములు చెబుతూ వచ్చిన మాటకు లెక్క దొరికింది ఇక్కడే.

బ్యాంకు క్యాష్ క్రెడిట్ వడ్డీని ఈ నగదులోంచి తీయలేదు. అప్పు మొత్తాన్ని చివర్లో విలువలోంచి తీస్తాం. రెండు చోట్లా తీస్తే ఒకే భారం రెండుసార్లు పడుతుంది.

ఐదేళ్ల నగదు 20.7 నుంచి 30.4 దాకా పెరుగుతుంది. దాని ఈనాటి విలువ:

```
=NPV(Assumptions!$B$8,C12:G12)
```

82.7 లక్షలు వచ్చింది. `NPV` మొదటి అంకెనే ఏడాది తర్వాత వచ్చేదిగా తీసుకుంటుంది. అందుకే ఇప్పటి ఏడాది ఉన్న B కాలమ్‌ను రేంజ్‌లో కలపకూడదు.

తర్వాత టెర్మినల్ వేల్యూ, అంటే ఐదేళ్ల తర్వాత వచ్చేదంతటికీ ఒక్క అంకె. ఐదో ఏడాది నగదును 1.04తో గుణించి (31.6), 15 లోంచి 4 తీసి వచ్చిన 11 శాతంతో భాగించడం చాలామంది చేసే పని. సర్ మాత్రం "ఆరో ఏడాదికి విడిగా కాలమ్ వెయ్యి" అన్నారు. వేశాక ఎందుకో అర్థమైంది. ఐదో ఏడాది నగదులో 10 శాతం పెరుగుదలకు కావలసినంత అరువు కోత పడి ఉంది. 4 శాతమే పెరిగే వ్యాపారానికి అంత అరువు అక్కర్లేదు. ఆరో ఏడాది పన్ను పోను లాభం 69.1, కొత్త వర్కింగ్ క్యాపిటల్ 15.9, కాబట్టి నగదు 53.3.

```
=H12/(Assumptions!$B$8-Assumptions!$B$9)
```

484 లక్షలు. ఐదేళ్లు వెనక్కి తెస్తే 240.7. మొత్తం విలువ 323.4 లక్షలు. 31.6 పట్టుకునే పోయి ఉంటే 225 దగ్గరే ఆగేది. వెళ్లిపోయే భాగస్వామికి అది పెద్ద నష్టం.

మొత్తంలో దాదాపు 74 శాతం టెర్మినల్ వేల్యూయే కావడం నాకు నచ్చలేదు. అందుకని ఇంకో పక్క నుంచి పోల్చి చూశాను. రైతుల బాకీలు, సరుకు, కంపెనీకి కట్టాల్సింది తేల్చుకుని ఈరోజే షాపు మూసేస్తే, బాకీలన్నీ వసూలైతే, 246.6 వస్తుంది. అంటే వ్యాపారం నడవడానికి మన మోడల్ ఇచ్చే అదనపు విలువ 77 లక్షలే. ఇలాంటి షాపుకు ఇది నమ్మదగ్గదే అనిపించింది.

ఇక ఏ అంచనా కదిపితే ఎంత కదులుతుందో చూశాను. డిస్కౌంట్ రేటు 16 చేస్తే విలువ 292కి తగ్గింది. వసూలు ఒక నెల ఆలస్యమై 90 రోజులు 120 అయితే మాత్రం 195కి పడిపోయింది. మొదటి ఏడాదే నగదు మైనస్ 70 లక్షలవుతుంది, పాత అమ్మకాల మీద కూడా ఆ నెల పడుతుంది కాబట్టి. ఇది ఊహకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. చెరువుకు తెల్లమచ్చ రోగం వచ్చినా, 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పటిలా రొయ్యల రేటు గురించి భయం పట్టుకున్నా, ముందుగా ఆగేది మేత బాకీయే. డిస్కౌంట్ రేటు ఎంతుండాలని ఎక్కువసేపు వాదించుకుంటాం గానీ, ఈ షాపు విషయంలో పట్టించుకోవాల్సింది వసూలు రోజుల్నే.

బ్యాంకు అప్పు 120 లక్షలు తీస్తే 203.4, మూడో వంతు 67.8. నెల ఆలస్యమైతే అదే వాటా 25 లక్షలు. రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి ఇచ్చాను. భాగస్వాములు ముగ్గురూ ఆఫీసుకు వచ్చినప్పుడు పెద్దాయన అడిగింది ఒక్కటే: "బాకీలు ఎప్పుడొస్తాయో మీకెలా తెలుసమ్మా?" నెలవారీ బాకీల పట్టిక తెరిచి చూపించాను. చివరికి 25 లక్షలు ఇప్పుడే ఇచ్చి, మిగతాది పాత బాకీలు వసూలైన కొద్దీ రెండు పంటల్లో కట్టేలా సర్ ఒప్పందం రాశారు.