చెంబు మూతి ఎంత?

ఆషాఢం ఇంకా సగం కూడా కాలేదు, మా పూజా సామాన్ల కొట్లో మాత్రం వరలక్ష్మీ వ్రతం అప్పుడే మొదలైపోయింది. విదేశాలకు వెళ్లే పార్సిళ్లు ముందే కదలాలి కదా. పొద్దున ఏడింటికి, ఇంకా కాఫీ కూడా పడకముందే న్యూజెర్సీ నుంచి ఫోన్. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర.

"అమ్మవారి గడ్డం చెంబులోకి దిగిపోతోందండీ" అన్నారావిడ. ముందుగానే ఒకసారి అమర్చి చూసుకుందామని కూర్చున్నారట. వీడియోలో చూపించారు. కొబ్బరికాయ చెంబులోకి బాగా దిగిపోయింది. దానికి కట్టిన ముఖం కింద అంచుకు తగిలి వెనక్కి వాలింది. అమ్మవారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నట్టుంది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

చెంబు వివరణలో మేము రాసింది ఇదీ: "ఇత్తడి కలశం చెంబు, పెద్ద సైజు, 6 అంగుళాలు." ఆ ఆరు అంగుళాలూ ఎత్తు. మూతి వెడల్పు ఎవరూ రాయలేదు. ఎవరూ అంటున్నాను గానీ, రాసేది నేనే.

"బియ్యం అంచు దాకా నింపండమ్మా, కాయ దిగదు" అన్నాను. "మా అత్తగారింట్లో నీళ్లే పోస్తామండీ" అన్నారు. ఇక నేనేం చెప్పను? బియ్యమైతే కాయ దాని మీద కూర్చుంటుంది. నీళ్లయితే కాయని మోసేది మూతి ఒక్కటే.

బెంగళూరు మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో దిగగానే బండి మీద మూడు కొబ్బరికాయలు కొన్నాను. కొట్లో కూర్చుని ఒక్కో కాయ నడుముకి దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టాను. మధ్యస్థంగా ఉన్న కాయకి 33 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని మూడుతో భాగిస్తే వెడల్పు సుమారుగా తెలిసిపోతుంది, పదిన్నర పదకొండు మధ్య. ఆవిడకి పంపిన చెంబు మూతి లోపలి కొలత సరిగ్గా పది సెంటీమీటర్లు. కాయ దాదాపు నడుము దాకా దిగక ఏం చేస్తుంది? పక్కనే ఐదంగుళాల ఎత్తు చెంబు ఉంది, మూతి ఏడున్నర సెంటీమీటర్లు. అందులో అదే కాయ ఒకటిన్నర సెంటీమీటరు దిగి ఆగిపోయింది. చుట్టూ మామిడాకులు పెడితే ఇంకాస్త పైకే లేచి నిలబడింది. "పెద్ద సైజు" అని రాసినదాని కంటే చిన్న చెంబే ఆవిడకి సరిపోయేది.

ముఖం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఆరంగుళాల ముఖం అంటే కిరీటంతో కలిపి. టేపు పెట్టి చూస్తే గడ్డం నుంచి నుదుటి దాకా మూడున్నరే. రెండు కొలతలూ విడివిడిగా రాశాను. వెనక చెవుల దగ్గర రంధ్రాలున్నాయా, లేక బియ్యంలో గుచ్చే కడ్డీ ఉందా అన్నది కూడా చేర్చాను. అక్కడి దుకాణాల్లో చాలాసార్లు పిలక లేని, పీచు తీసేసిన నున్నటి కాయే దొరుకుతుందని ఆవిడే చెప్పారు. దాని మీద దారం జారిపోతుంది. అందుకే "ముందు రవిక గుడ్డ చుట్టి, దాని మీద ముఖం కట్టండి" అని ఒక వాక్యం పెట్టాను.

మధ్యాహ్నం ఓనరుతో చిన్న గొడవ. ముఖం జర్మన్ సిల్వర్‌ది. "వెండి ముఖం అని రాయమ్మా, అందరూ అలాగే రాస్తారు" అన్నారు. అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. పేరులో తప్ప వెండి ఎక్కడా లేదు. "సార్, అక్కడ ఎవరైనా కంసాలికి చూపిస్తే డబ్బులు మనమే తిరిగివ్వాలి" అన్నాను. డబ్బు మాట వినగానే ఒప్పుకున్నారు. చివరికి "జర్మన్ సిల్వర్, వెండి రంగు, వెండి కాదు" అని పెట్టాం. చెంబుకి అయస్కాంతం ఆనించి చూశాను, అంటుకోలేదు. ఇనుము మీద ఇత్తడి పూతైతే పట్టుకునేది. అయితే అంటుకోనంత మాత్రాన ఇత్తడే అని తేలదు, అల్యూమినియమైనా అంటుకోదు. అందుకని బరువు కూడా తూచి రాశాను. మెరుపు పోకుండా వేసిన లక్క పూత ఉందని, చింతపండుతో గట్టిగా తోమితే ఆ పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుందని కూడా.

సాయంత్రానికి వివరణ ఇలా తయారైంది: "ఎత్తు 5 అంగుళాలు, మూతి లోపల ఏడున్నర సెంటీమీటర్లు. కొనేముందు మీ కొబ్బరికాయ చుట్టూ దారం పెట్టి కొలవండి. 28 సెంటీమీటర్ల కంటే ఎక్కువుంటే సరిపోతుంది. నీళ్లు పోసే ఆచారమున్నవారు ఈ సైజే తీసుకోండి."

ఫొటోలో చీర కట్టిన కలశం పక్కన ఉత్త చెంబూ, దాని మీద ఉత్త కాయా పెట్టి తీశాం. ఓనరుకి అది నచ్చలేదు, బోసిగా ఉందన్నారు. అయినా ఉంచేశాను.

న్యూజెర్సీ ఆవిడకి చిన్న చెంబు రేపు వెళ్తుంది, ఖర్చు మాదే. కొలిచిన మూడు కాయల్లో ఒకటి కింద పడి పగిలింది. ఇంటికి తెచ్చేశాను, పొద్దున చట్నీకి.