ధర తగ్గిన బాండ్

నా బాండ్ ధర 100 నుంచి 96కి దిగేసరికి టెన్షన్ వచ్చి, కూర్చుని లెక్క వేశాను. నాకు రావాల్సింది మారలేదు: ఇంకో 5 ఏళ్లు ఏటా 7, చివర్లో 100. కానీ అలాంటి కొత్త బాండ్లు ఇప్పుడు 8 ఇస్తున్నాయి. మరి నాది 100 పెట్టి ఎవరు కొంటారు? వడ్డీ మార్చలేం కాబట్టి ధరే దిగాలి.

96కి కొన్నవాళ్లకు ఏటా వచ్చే 7 అంటే దాదాపు 7.3 శాతమే. చివర్లో 100 వస్తుంది కాబట్టి ఆ 4 లాభం కూడా ఉంది. ఏది ఎప్పుడు చేతికొస్తుందో చూసి రెండూ కలిపితే ఏటా 8 శాతం. ఈల్డ్ టు మెచ్యూరిటీ అంటే ఇదే. అయితే చివరిదాకా ఉంచుకోవాలి, మధ్యలో వచ్చే వడ్డీని కూడా 8 శాతానికే పెట్టగలగాలి, బాండ్ ఇచ్చినవాళ్లు ఎగ్గొట్టకూడదు.

నేను అమ్మడం లేదు.