ఖాళీ ఎక్కడ పెట్టాలి? క్లోజ్ పేపర్ తయారుచేసిన నా అనుభవం

మా స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. పోయినేడాది యూనిట్ టెస్టుకి గ్రామర్ పేపర్ నన్ను తయారుచేయమన్నారు. విడివిడి వాక్యాల బదులు ఒకే పేరా ఇచ్చి, అందులో పది ఖాళీలు పెట్టాలని నిర్ణయించుకున్నాను. పేరాలో మాటలు తీసేసి పిల్లల చేత నింపించే ఈ పద్ధతినే క్లోజ్ అంటారు. పేరా రాయడం గంటలో అయిపోయింది. మా స్కూల్ ఎదురుగా టీ కొట్టు నడిపే ఒక తాతగారి కథ, నూట ఇరవై మాటలు. ఖాళీలు ఎంచుకోవడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

మొదట సులువుగా ప్రతి ఏడో మాటా తీసేశాను. చూస్తే తాతగారి పేరు పోయింది, 'టీ' పోయింది, 'రెండు' అనే అంకె పోయింది. పిల్లలు అవి ఊహించగలిగినా, ఊహించలేకపోయినా నాకు గ్రామర్ గురించి తెలిసేది ఏమీ లేదు. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ పద్ధతిని తెచ్చింది ఒక రచన చదవడానికి ఎంత సులువో కొలవడానికి. ఆ పనికి ఇలా లెక్క ప్రకారం మాటలు తీసేస్తే సరిపోతుంది. గ్రామర్ పరీక్షకి మాత్రం ఏ మాట తీయాలో మనమే ఎంచుకోవాలి.

అందుకని మొదటి వాక్యం కథలోకి దారి చూపించాలని దాన్ని ముట్టుకోకుండా, మిగతా వాటిలో పది చోట్లు ఎంచి పక్క సెక్షన్ మేడంకి ఇచ్చాను. జవాబులు చూపించలేదు. పది నిమిషాల్లో తిరిగొచ్చారు. "సార్, షాప్ ఈజ్ ఖాళీ ద బస్ స్టాండ్ అన్నారు. నేను బిహైండ్ అని రాశాను. మీ కీలో నియర్ అని ఉంటే నాకు సున్నానా?" అన్నారు. నిజమే. నియర్, బిహైండ్, ఎట్ అన్నీ అక్కడ ఒప్పే. కొట్టు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నాకు ఒకటే జవాబు కనిపించింది.

ఆ రోజు నుంచి ప్రతి ఖాళీకీ పేరాలోనే ఒక సాక్షి ఉండాలని పెట్టుకున్నాను. జవాబు ఇదే అని తేల్చే మాట మీద వేలు పెట్టి చూపించగలగాలి. 'హి హ్యాజ్ రన్ దిస్ షాప్ ___ 1998' అన్న చోట 'హ్యాజ్ రన్', '1998' రెండూ సాక్షులే. సిన్స్ తప్ప ఇంకోటి నిలబడదు. పైగా మన పిల్లలు '1998 నుంచి' అనుకుని ఫ్రమ్ అని రాస్తారు, కాబట్టి నాకు కావాల్సిన తప్పు సరిగ్గా అక్కడ బయటపడుతుంది. బస్ స్టాండ్ ఖాళీ తీసేసి 'హిజ్ డాటర్ ఈజ్ మ్యారీడ్ ___ ఏ టీచర్' పెట్టాను. టీచర్‌తో పెళ్లి అనుకునేవాళ్లు విత్ రాస్తారు, కావాల్సింది టు. 'డిపెండ్స్ ఆన్' కూడా ఆలోచించాను కానీ తెలుగులో 'మీద ఆధారపడి' అనే అంటాం కదా, తెలుగు నుంచి మార్చుకున్నా ఒప్పే వచ్చేస్తుంది. అది తీసేశాను.

క్రియల దగ్గర ఇంకో చిక్కు. 'హి ___ టైర్డ్, సో హి ___ ద షాప్' అని రెండు ఖాళీలు పక్కపక్కనే పెట్టాను. మొదటిదానికి ఈజ్ రాసినవాడు రెండోదానికి క్లోజెస్ రాస్తాడు, వాడి లెక్కలో అది ఒప్పే. ఒక్క తప్పుకి రెండు మార్కులు పోతాయి. అందుకే 'వాజ్ టైర్డ్' అచ్చులోనే ఉంచి, చివర 'దట్ ఈవినింగ్' చేర్చి, ఖాళీ పక్కన బ్రాకెట్లో 'క్లోజ్' ఇచ్చాను. క్లోజ్డ్ రాయడమే వాళ్ల పని. బ్రాకెట్లో క్రియ ఇవ్వకపోతే షట్ అనీ, లెఫ్ట్ అనీ రాసేవాళ్లు.

ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి వాటికి మూడు ఖాళీలు కేటాయించాను. 'ఏ స్ట్రేంజర్ కేమ్' తర్వాత వాక్యంలో '___ స్ట్రేంజర్' పెడితే ద వస్తుందనుకున్నాను. మేడం దట్ అని రాశారు, అదీ కుదురుతుంది. సాక్షి ఉన్నా సరిపోలేదు. దాంతో ఆ మూడింటికీ ప్రశ్నలోనే 'ఏ, ఏన్, ద, లేదా ఏమీ అక్కర్లేకపోతే గీత' అని రాశాను. గీత పెట్టే వీలు ఇవ్వడం వల్ల 'హి నెవర్ వెంట్ టు ___ స్కూల్' లాంటి చోటు కూడా అడగగలిగాను.

టెస్ట్ అయ్యాక ఎక్కువ మార్కుల పేపర్లు పది, తక్కువ మార్కులవి పది పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఖాళీ చూశాను. సిన్స్ దగ్గర బాగా రాసే పిల్లలకి ఒప్పు, మిగతావాళ్లలో ఎక్కువమందికి ఫ్రమ్. అలాగే ఉండాలి. స్కూల్ ఖాళీలో మాత్రం తిరగబడింది. బాగా రాసేవాళ్లే ద రాసి తప్పయ్యారు. ఒక అమ్మాయిని పిలిచి ఎందుకు రాశావమ్మా అని అడిగాను. మొదటి లైన్ మీద వేలు పెట్టి చూపించింది: 'హిజ్ షాప్ ఈజ్ ఆపోజిట్ అవర్ స్కూల్.' "ఆ స్కూలే కదా సార్?"

ఖాళీ పెట్టకుండా వదిలిన వాక్యంలోనే ఇంకో సాక్షి కూర్చుని ఉందని నేను చూసుకోలేదు. ఆ ప్రశ్నకి గీతకీ, ద కీ రెండింటికీ మార్కు వేసి పేపర్లన్నిటి మొత్తం మళ్లీ లెక్కేశాను. ఈ ఏడాది పేపర్లో తాతగారి కొట్టు పోస్టాఫీసు ఎదురుగా ఉంది.