కొసరు లెక్క

పన్నెండు దాటింది, ఫ్యాన్ తప్ప ఇంట్లో ఏదీ మెలకువగా లేదు, నేను మాత్రం కారప్పూస ప్యాకెట్ ఫొటోలు జూమ్ చేసుకుంటూ కూర్చున్నా. నవ్వుకోండి.

సాయంత్రం ఈయన సూపర్ మార్కెట్ నుంచి ఫొటో పెట్టారు, "ఇదేనా?" అని. కిందటిసారి వెల్లుల్లి కారప్పూస బదులు ఏదో పుదీనాది మోసుకొచ్చిన చరిత్ర ఉంది కాబట్టి, జనవరిలో నేనే ముందూ వెనకా రెండు ఫొటోలు తీసి "ఇదే తేండి, వేరేది కాదు" అని పంపి పెట్టుకున్నా. చాట్‌లో వెతికితే అది దొరికింది. పక్కపక్కన పెట్టి చూశా. అదే ఎర్ర కవరు, అదే బొమ్మ, అదే 20 రూపాయలు. కొత్తదాని మీద మాత్రం పచ్చగా ఒక చుక్క, అందులో "20% ఎక్స్‌ట్రా". అబ్బో మంచిదే అనుకుని తెమ్మన్నా. ప్యాకెట్ ఇంటికొచ్చాక వెనక్కి తిప్పి చూసేదాకా మంచిదే.

జనవరి ప్యాకెట్ నికర బరువు 55 గ్రాములు. ఇవాళ్టిది 48.

ఎక్స్‌ట్రా ఇస్తే బరువు పెరగాలి కదా, ఏడు గ్రాములు తగ్గిందేంటి అని కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ పచ్చ చుక్క పక్కన చిన్న నక్షత్రం ఉంది. ఆ నక్షత్రం ఎక్కడికి పోయిందో వెతికితే కవరు అడుగున, అతుకు మడతలో, "40 గ్రా. ప్యాక్ మీద" అని చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. 40కి 8 కలిపితే 48. లెక్క తప్పేం కాదు. ఎక్కడా అబద్ధం లేదు, అదే నాకు ఒళ్లు మండింది. 55 ని 40 చేసి, ఆ 40 మీద 8 వేసి, చుక్క పెట్టి మరీ చెప్తున్నారు.

ఇక్కడ శాతాల్లో ఇంకో తిరకాసు ఉంది, బుడ్డోడికి హోంవర్క్ చెప్పేటప్పుడు నేనే బోలెడుసార్లు అరిచాను దీనిమీద. 55 నుంచి 40కి దిగితే పోయింది 15 గ్రాములు, 55లో అది 27 శాతం. అదే 15 గ్రాములు 40 మీద తిరిగి ఎక్కించాలంటే 27 చాలదు, ముప్పై ఏడున్నర శాతం కావాలి, ఎందుకంటే ఇప్పుడు లెక్క మొదలయ్యేది చిన్న అంకె నుంచి. కాబట్టి చుక్కలో 37.5 అని రాసి ఉంటేనే మన జనవరి ప్యాకెట్ మనకి తిరిగొచ్చినట్టు. దిగేటప్పుడు చప్పుడు చెయ్యలేదు, సగం ఎక్కి డప్పు కొడుతున్నారు.

ఇక కవరు సైజు. ఫొటోలో కొలతలు తెలియవు కదా, కానీ జనవరి ఫొటోలు మన డైనింగ్ టేబుల్ మీద గళ్ల గుడ్డ పైనే తీశా, ఇవాళ్టి ప్యాకెట్‌నీ దాని మీదే పెట్టి ఇంకో ఫొటో తీశా (అవును, అత్తయ్య మార్చమంటున్న ఆ గుడ్డే). గళ్లు లెక్కపెట్టా. వెడల్పు ఆరు గళ్లు, పొడవు తొమ్మిది, అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే. లోపల సరుకు తగ్గినా బయట చెయ్యి పట్టుకునే చోటు తగ్గలేదు. అందులో గాలి ఊరికే కొట్టరు, సాధారణంగా నైట్రోజన్, నూనె వాసన రాకుండా, పూస విరిగిపోకుండా, అది నేనూ ఒప్పుకుంటా. అంతకుముందు 55 గ్రాములకి సరిపోయిన గాలి 48కి ఇంకొంచెం ఎందుకు కావాల్సొచ్చిందో మాత్రం అడగాలనుంది.

ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఇంత అని కూడా వేస్తున్నారు చూడండి, యూనిట్ సేల్ ప్రైస్. నేను ఇన్నాళ్లూ అది బ్యాచ్ నంబర్‌లో ఏదో ముక్క అనుకున్నా. 2021 నవంబర్‌లో ప్యాకెట్ల రూల్స్ మార్చినప్పుడు వచ్చిందది. అంతకుముందు బిస్కెట్లు, టీ పొడి, బ్రెడ్డు లాంటి కొన్నిటికి ఇన్ని గ్రాముల్లోనే అమ్మాలి అని పట్టిక ఉండేది, ఆ పట్టిక ఎత్తేసి, మీ ఇష్టమొచ్చిన బరువులో అమ్ముకోండి గానీ గ్రాము ధర వెయ్యండి అన్నారు. పాత ప్యాకెట్ మీద గ్రాము 0.36, కొత్తదాని మీద 0.42. ఆరు పైసలు! ఆరు పైసలకి అర్ధరాత్రి దాకా ఏంటి నీ గోల అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకే వెయ్యాలి, కిలో దాటితే కిలోకి. అందుకే కంటికి ఆనదు. వెయ్యితో గుణించి చూస్తే కిలో 360 నుంచి 420కి పోయింది. మా వీధి చివర స్వగృహలో కళ్ల ముందు వత్తిన కారప్పూస కిలో 380, అది ఖరీదని ఎక్కనిదాన్ని!

కొసరు ఇలా కాదు ఉండేది. మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తెనాలిలో సాయంత్రం కొట్టుకి వెళ్లడం, ఆ తాత పేపరు పొట్లం కట్టేముందు ఇత్తడి తక్కెడలో కారప్పూస పోసి, ముల్లు మధ్యకి వచ్చాక ఒక్క క్షణం ఆగి నా మొహం చూసేవాడు. అప్పుడు అమ్మమ్మ "కొసరు వెయ్యవయ్యా, పిల్ల చూస్తోంది" అనేది. నాలుగు వేళ్లతో ఇంత తీసి పొట్లంలో కాదు, నా దోసిట్లో వేసేవాడు. పొట్లంలోది ఇంటికెళ్లాక అందరిదీ, దోసిట్లోది నాది. దారంతా ఒక్కో పూసా నాలిక మీద పెట్టుకుంటూ, కారానికి ముక్కు ఎగబీలుస్తూ నడిచేదాన్ని. తూకం అందరికీ కనబడేలా అయ్యాక వేసేది కొసరు. ముందే సరుకు తీసేసి తర్వాత వేస్తే దాన్నేమంటారు?

అని ఇక్కడిదాకా టైపు చేసి, చాలా బాగా రాశాననుకుని మంచినీళ్లు తాగడానికి లేచా. అప్పుడు గుర్తొచ్చింది. అదే అమ్మమ్మ, అదే కొట్టులో, సరుకు పొయ్యకముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమనేది. ఒకరోజు పళ్లెం అడుగున చెయ్యి పెట్టి తడిమి, అంటుకున్న చింతపండు ముద్ద పీకి బల్ల మీద పెట్టింది. ఆ తాత ఏమాత్రం సిగ్గుపడకుండా "పిల్లలు ఆడుకుంటూ పెట్టారమ్మా" అన్నాడు. దారిలో నేను నా దోసిలి చూపించి మురిసిపోతుంటే "ఆ కొసరు నా తూకంలోదేనే పిచ్చిదానా" అంది. ఇన్నేళ్లూ ఈ రెండో సగం నేనెందుకు దాచిపెట్టుకున్నానో. కనీసం ఈ ప్యాకెట్ వాడు 48 అని అచ్చేసి ఇచ్చాడు, తక్కెడ అడుగు తడమక్కర్లేదు.

వంటింటి కాటా మీద కూడా పెట్టా, ఖాళీ గిన్నె సున్నా చేసి కారప్పూస మొత్తం వంచితే 49 చూపించింది. ఒక ప్యాకెట్ తూచి ఏదీ తేల్చలేం లెండి, 50 గ్రాముల లోపు దేనికైనా విడిగా 9 శాతం దాకా తేడా ఒప్పుకుంటారు, సగటు మాత్రం రాసినదానికి తగ్గకూడదు. నా కాటా కూడా ఏమంత సత్యహరిశ్చంద్రుడు కాదు.

కాటా చప్పుడుకి ఈయన లేచొచ్చారు. సంగతంతా చెప్పా, ఫొటోలు చూపించా, 420 అని కూడా అన్నా. ఈయన నిద్రకళ్లతో బిల్లు తీసి "నేనిచ్చింది ఇరవై కాదుగా, పద్దెనిమిది" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఎంత చిరాకేసిందో! ఎందుకంటే నిజమే. కవరు మీద గ్రాము ధర ఎమ్మార్పీ మీద వేసింది, మనం కట్టినదాని మీద కాదు. 18ని 48తో భాగిస్తే ముప్పై ఏడున్నర పైసలు, అంటే కిలో 375. జనవరిది మా కింది కొట్టులో పూర్తి ఇరవై పెట్టి కొన్నది, 20ని 55తో భాగిస్తే కిలో 364. ఇంత గోల చేసింది పదకొండు రూపాయల తేడాకి, అదీ కిలో తింటే.

పడుకుందామనుకున్నా. కానీ పదినిమిషాలు దొర్లాక ఇంకో లెక్క. ఆ రెండు రూపాయలు సూపర్ మార్కెట్ వాడి ఆఫర్, ఈ వారం ఉంటుంది. ఆ 8 గ్రాములు పచ్చ చుక్క ఉన్నంతకాలం ఉంటాయి. రెండూ పోతే మిగిలేది 40 గ్రాములకి 20 రూపాయలు, కిలో 500. అప్పుడు ఎవరూ ఏమీ తగ్గించినట్టు ఉండదు, ఎక్స్‌ట్రా అయిపోయింది అంతే. 20ని 22 చేస్తే నాలాంటివాళ్లు కొట్టు ముందు నిలబడి దెబ్బలాడతాం, చిల్లర లేదని కొట్టువాడు చాక్లెట్ ఇస్తాడు, అందుకే ధర కదపరు. నూనె, శనగపిండి ఖర్చులు వాళ్లకీ ఉంటాయి, అదీ తెలుసు. నేను 22 ఇస్తానా అంటే, ఇవ్వను. మొహమాటం లేకుండా చెప్తున్నా.

అసలు నన్ను పొడుస్తున్నది ఇదీ కాదు. ఆ 40 గ్రాముల ప్యాకెట్ ఎప్పుడమ్మారు, నేనెప్పుడూ చూడలేదు, కల్పించారు అని ఈయన మీద గంట క్రితం వాదించా. చూశాను. మే నెలలో అత్తయ్య రెండుసార్లు అన్నారు, "ఈమధ్య ప్యాకెట్ రెండు గుప్పిళ్లకే అయిపోతోందే" అని. నేనేం చేశా? బుడ్డోడు దొంగతనంగా తింటున్నాడని తేల్చి, వాడి స్కూల్ బ్యాగ్ బోర్లించి, నూనె వేళ్ల వాసన చూసి మరీ తిట్టా. వాడు తినలేదని ఏడిస్తే అబద్ధానికి ఇంకో రెండు తగిలించా. ఆ నెల కిరాణా మొత్తం కింది కొట్టు నుంచే వచ్చింది, ఒక్క కవరైనా తిప్పి చూసి ఉంటే సరిపోయేది.

రేపు స్కూల్ బస్సు వచ్చేలోపు వాడికి చెప్పాలి. మిగిలిన 49 గ్రాములూ వాడి డబ్బాలో పోసి రబ్బరు బ్యాండు వేశా, స్నాక్ బ్రేక్‌కి. అత్తయ్యకి మాత్రం చెప్పను, చెప్తే ఆ గళ్ల గుడ్డ మార్చేదాకా వదలరు.